బ్యాంకులో డబ్బు పెరిగింది, సంఘానికి లోటు వచ్చింది

ఏప్రిల్ దాటితే చాలు, హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి నగరాల్లో అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో ఆదివారం పొద్దున్నే కుర్చీలు వేస్తారు. సంఘం వార్షిక సమావేశం. అధ్యక్షుడు నాలుగు మాటలు చెబుతాడు, కార్యదర్శి నివేదిక చదువుతాడు. ఆ తర్వాత ట్రెజరర్ కాగితం పట్టుకుని లేస్తాడు. జమలు, ఖర్చులు పై నుంచి కింద దాకా గుక్కతిప్పుకోకుండా చదువుతాడు. వినేవాళ్లకు ఇరవై అంకెలు వినిపిస్తాయి, ఒక్కటే గుర్తుంటుంది: చివర్లో చెప్పిన బ్యాంకు నిల్వ. 'పోయినేడాది కంటే రెండు లక్షలు పెరిగింది' అనగానే చప్పట్లు కొట్టి టీ కోసం లేస్తారు.

ఆగస్టులో కమిటీ వచ్చి ఫ్లాటుకు అయిదు వేలు అదనంగా కట్టమంటుంది. 'మొన్న లక్షలున్నాయన్నారుగా, ఏమయ్యాయి?' అన్న ప్రశ్న వాట్సాప్ గ్రూపులో మొదలై లిఫ్టు దగ్గర గొడవగా మారుతుంది. ఎవరూ పైసా తినకపోయినా ఇలాంటి గొడవలు వస్తాయి. లెక్క తప్పు కాకపోవచ్చు. దాన్ని చెప్పిన తీరులోనే సగం దాగిపోయింది.

ఆ సగం ఎక్కడ దాగుతుందో చూడాలంటే ఒక లెక్క దగ్గర పెట్టుకోవాలి. 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు ఒకటి ఊహించుకుందాం. మెయింటెనెన్స్ ఫ్లాటుకు నెలకు 3,000 రూపాయలు. ఏడాదికి రావలసింది 17,28,000. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా చేతికొచ్చిన డబ్బు, చేతి నుంచి పోయిన డబ్బు ఇలా ఉన్నాయి.

| జమలు | రూపాయలు | చెల్లింపులు | రూపాయలు |
|---|---|---|---|
| ప్రారంభ నిల్వ | 2,60,000 | వాచ్‌మన్లు, స్వీపర్ల జీతాలు | 6,24,000 |
| ఈ ఏడాది మెయింటెనెన్స్ | 15,84,000 | కామన్ మీటర్ల కరెంటు | 3,48,000 |
| పాత బకాయిలు వసూలు | 54,000 | నీళ్ల ట్యాంకర్లు | 2,70,000 |
| వచ్చే ఏడాదికి అడ్వాన్సు | 1,08,000 | మరమ్మతులు | 1,10,000 |
| డిపాజిట్ మీద వడ్డీ | 36,000 | లిఫ్టు వార్షిక కాంట్రాక్టు | 96,000 |
| హాలు అద్దె | 40,000 | కొత్త బోరు మోటారు | 80,000 |
| | | జనరేటర్ డీజిల్ | 60,000 |
| | | ఆడిట్, స్టేషనరీ, ఇతరాలు | 22,000 |
| | | ముగింపు నిల్వ | 4,72,000 |
| మొత్తం | 20,82,000 | మొత్తం | 20,82,000 |

రెండు వైపులా మొత్తం సరిపోయింది. నిల్వ 2,60,000 నుంచి 4,72,000 అయింది, అంటే 2,12,000 పెరిగింది. ఇందులో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. అయినా ఈ సంఘం ఆ ఏడాది నష్టంలో నడిచింది.

మంచి ట్రెజరర్ దీన్ని పై నుంచి కిందికి చదవడు. ముందు ఒకే ఒక్క అంకె పట్టుకుంటాడు: ప్రారంభ నిల్వ. "అందరికీ నమస్కారమండీ. పోయినేడాది మీటింగులో ఇచ్చిన కాగితం ఇంట్లో ఉన్నవాళ్లు దాని చివరి వరుస చూడండి. 2,60,000 అని ఉంటుంది. ఈ కాగితం మొదటి వరుసలోనూ అదే ఉంది." ఈ రెండు మాటలకు అర నిమిషం పట్టదు. కానీ ఏ సంఘం లెక్కలోనైనా సభ్యుడు స్వయంగా చేసుకోగలిగిన మొదటి పరీక్ష ఇదే. నిరుటి ముగింపు నిల్వా, ఈ ఏటి ప్రారంభ నిల్వా ఒకటి కాకపోతే మిగతా కాగితం చదివే పని లేదు, ముందు ఆ తేడా ఎందుకొచ్చిందో చెప్పమని అడగాలి.

తర్వాత ఖర్చులు. ఎనిమిది వరుసలూ చదివితే ఎవరికీ ఏదీ గుర్తుండదు. జీతాలు, కరెంటు, ట్యాంకర్లు కలిపి 12,42,000. చెల్లించిన ప్రతి వంద రూపాయల్లో 77 ఈ మూడింటికే పోయాయి. కాబట్టి మాట్లాడాల్సిన సమయంలో ఎక్కువ భాగం కూడా వీటికే పోవాలి. స్టేషనరీ గురించి పది నిమిషాలు, ట్యాంకర్ల గురించి పది సెకన్లు మాట్లాడే మీటింగులే ఎక్కువ. కాగితాల ఖర్చు అందరికీ అర్థమవుతుంది, నీళ్ల ఖర్చు తవ్వడానికి ఓపిక కావాలి. అందుకే చర్చ చిన్న అంకెల వైపు జారిపోతుంది. దాన్ని పెద్ద అంకెల దగ్గరికి లాగాల్సింది ట్రెజరరే.

ట్యాంకర్ల వరుసనే తీసుకుందాం. నిరుడు లక్షా నలభై వేలు, ఈ ఏడాది 2,70,000 అయిందనుకోండి. 'ఎండలు ఎక్కువ, బోరు ఎండిపోయింది' అంటే కారణం చెప్పినట్టవుతుంది గానీ లెక్క చెప్పినట్టు కాదు. ఖర్చు రెండు రకాలుగా పెరుగుతుంది: ట్యాంకర్ల సంఖ్య పెరగొచ్చు, ఒక్కో ట్యాంకరు ధర పెరగొచ్చు. రెండూ విడదీసి చెప్పాలి. సంఖ్య పెరిగితే బోరు లోతు, లీకేజీలు, ఫ్లాట్లకు వాటర్ మీటర్లు అన్న చర్చ రావాలి. ధర పెరిగితే సప్లయర్‌ను మార్చడం గురించి మాట్లాడాలి. ఆ సంఖ్యకు రుజువు గేటు దగ్గరి రిజిస్టరే. ట్యాంకరు వచ్చిన తేదీ, టైము, బండి నంబరు, ఎన్ని లీటర్లు, దించుకున్న వాచ్‌మన్ సంతకం అందులో ఉంటాయి. నెలాఖరున సప్లయర్ ఇచ్చే బిల్లులోని ట్రిప్పులూ, ఈ రిజిస్టరులోని ట్రిప్పులూ పక్కపక్కన పెట్టి టిక్కులు కొట్టాకే చెక్కు రాయాలి. బిల్లులో 41, రిజిస్టరులో 38 ఉంటే ఆ మూడు ట్యాంకర్ల నీళ్లు సంపులోకి రాలేదన్నా అయి ఉండాలి, వచ్చినప్పుడు వాచ్‌మన్ రాయలేదన్నా అయి ఉండాలి. ఏదైనా ఆ నెలలోనే తేలాలి. ఏడాది చివర మీటింగులో అది ఎవరికీ తేలదు.

ఇక అసలు విషయం. పై పట్టికను జమలు-చెల్లింపుల ఖాతా అంటారు. డబ్బు ఎప్పుడు చేతులు మారిందో ఆ తేదీనే అది చూస్తుంది. ఆ డబ్బు ఏ ఏడాదికి చెందిందో పట్టించుకోదు. దాన్ని పట్టించుకునే రెండో పట్టిక ఉంది. అదే ఆదాయ-వ్యయాల ఖాతా. ఆడిటర్ ఇచ్చే కాగితాల్లో మామూలుగా రెండూ ఉంటాయి, వాటి వెనక ఆస్తి-అప్పుల పట్టీ ఉంటుంది. మీటింగులో మొదటిది మాత్రమే చదివి ఊరుకోవడం వల్లే గొడవంతా వస్తోంది. ఒకటో తారీఖున జీతం పడ్డాక జేబు నిండుగానే ఉంటుంది, కిరాణా కొట్టు ఖాతా పుస్తకం తెరిస్తే గానీ అందులో మనదెంతో తెలియదు. రెండో పట్టిక ఆ ఖాతా పుస్తకం లాంటిది.

మన అపార్ట్‌మెంటులో మార్చి నెలలో రెండు పనులు జరిగాయనుకుందాం. ఒక లిఫ్టుకు తాళ్లు, కంట్రోలర్ మార్చారు. బిల్లు 2,40,000. మార్చిలో వచ్చిన ట్యాంకర్ల బిల్లు మరో 58,000. రెండూ ఏప్రిల్‌లో చెల్లించారు. లిఫ్టు మార్చిలోనే తిరుగుతోంది, నీళ్లు మార్చిలోనే వాడేశారు. కానీ మార్చి 31 నాటి బ్యాంకు నిల్వలో ఈ 2,98,000 ఇంకా కూర్చునే ఉంది. నిల్వ అంత బాగా కనిపించడానికి పెద్ద కారణం ఇదే. కట్టాల్సినవాళ్లకు ఇంకా కట్టలేదు, అంతే.

రెండోది అడ్వాన్సు. ముగ్గురు ఓనర్లు వచ్చే ఏడాది మెయింటెనెన్స్ మొత్తం మార్చిలోనే కట్టేశారు. ముప్పై ఆరు వేల చొప్పున 1,08,000. సంఘానికి సౌకర్యమే, కాదనలేం. కానీ అది వచ్చే ఏడాది డబ్బు. ఆ ముగ్గురి దగ్గర నుంచి రాబోయే పన్నెండు నెలలూ పైసా రాదు.

ట్రెజరర్ ఇక్కడ కాగితం పక్కన పెట్టి సభ వైపు చూసి చెప్పాల్సిన మాటలు ఇవి. "ముగింపు నిల్వ 4,72,000 అని ఉంది కదండీ. అందులో లిఫ్టు కంపెనీకి, ట్యాంకర్లకు ఇవ్వాల్సింది 2,98,000. ముందే కట్టిన ముగ్గురిదీ 1,08,000. ఈ రెండూ తీసేస్తే మనది అనుకోదగ్గది 66,000. ఏప్రిల్ జీతాలు 52,000." ఇది విన్నాక ఆగస్టులో అదనపు వసూలు గురించి ఎవరికీ ఆశ్చర్యం కలగదు. అసలు ఆ చర్చ ఆగస్టు దాకా ఆగదు కూడా, అక్కడే మొదలవుతుంది. మొదలవ్వాలి కూడా.

రెండో పట్టికలో ఇంకా రెండు సర్దుబాట్లున్నాయి. కొత్త బోరు మోటారుకు 80,000 పెట్టారు. అది పదేళ్లు పనిచేస్తుందనుకుంటే ఈ ఏడాది ఖర్చు కింద చూపాల్సింది 8,000 మాత్రమే. మిగతా 72,000 ఆస్తిగా ఉంటుంది, ఏటా కొంత తరుగుదల కింద పోతుంది. ఇది సంఘానికి అనుకూలంగా మారే సర్దుబాటు. ఆదాయం వైపు మెయింటెనెన్స్ కింద వసూలైన 15,84,000 కాకుండా రావలసిన 17,28,000 రాస్తారు. నిరుటి బకాయిలు 54,000 ఇందులోకి రావు, అవి నిరుటి ఆదాయంలోనే లెక్కకొచ్చాయి. నిరుడు చెల్లించకుండా మిగిలిన బిల్లులేమీ లేవనుకుంటే లెక్క ఇలా తేలుతుంది. ఆదాయం: మెయింటెనెన్స్, వడ్డీ, హాలు అద్దె కలిపి 18,04,000. వ్యయం: చెల్లించిన 16,10,000 లోంచి మోటారు 80,000 తీసేసి, ఈ ఏటి తరుగుదల 8,000, చెల్లించాల్సిన బిల్లులు 2,98,000 కలిపితే 18,36,000. లోటు 32,000.

బ్యాంకులో 2,12,000 పెరిగిన సంఘానికి 32,000 లోటు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న 2,44,000 తేడాను ట్రెజరర్ వరుసగా కలిపి చూపించగలగాలి. పాత బకాయిలు 54,000, అడ్వాన్సు 1,08,000, ఇవ్వాల్సిన బిల్లులు 2,98,000 కలిపితే 4,60,000. ఇవి బ్యాంకు నిల్వను ఉబ్బించినవి. వసూలు కాని మెయింటెనెన్స్ 1,44,000, మోటారులో మిగిలిన 72,000 కలిపి 2,16,000. ఇవి నిల్వను తగ్గించి చూపినవి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే సరిగ్గా 2,44,000. ఇలా పైసాతో సహా కలిసిందంటే రెండు పట్టికలూ ఒకే పుస్తకంలోంచి వచ్చాయని నమ్మొచ్చు. కలవకపోతే ఏదో ఒక పద్దు ఒక దాంట్లో రాసి రెండోదాంట్లో మర్చిపోయారన్నమాట.

ముప్పై రెండు వేల లోటు వినడానికి పెద్దగా అనిపించొచ్చు. దాన్ని 48 ఫ్లాట్లకు, పన్నెండు నెలలకు పంచితే ఫ్లాటుకు నెలకు 56 రూపాయలు. వార్షిక సమావేశంలో సభ్యుడికి నిజంగా పనికొచ్చే అంకె ఇదే. 'ఖర్చులు పెరిగాయి, మెయింటెనెన్స్ 3,500 చేద్దాం' అని కమిటీ ప్రతిపాదిస్తే, ఆ 500 లో 56 లోటు పూడ్చడానికి, మిగతా 444 దేనికి అని అడిగే వీలుంటుంది. సమాధానం ఉండొచ్చు. లిఫ్టు తాళ్ల లాంటి ఖర్చు ఏటా రాదు, కానీ దాని బదులు రంగులు, సంపు లీకేజీ, జనరేటర్ అంటూ మరొకటి వస్తుంది. వాటికి నెలనెలా కొంత వేరే ఖాతాలో దాచడం సబబైన పనే. దాచేది దేనికో, ఎంతో పేరు పెట్టి చెప్పి అడిగితే జనం ఇస్తారు. పట్టికలో 'ఇతరాలు' అన్న వరుసలో కలిపేస్తే ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

బకాయిల సంగతి కొంచెం సున్నితమైంది. వసూలు కాని 1,44,000 అంటే నాలుగు ఫ్లాట్లు ఏడాది పొడవునా కట్టలేదని అర్థం కావచ్చు, లేదా నలభై ఎనిమిది మందీ మార్చి నెలది ఏప్రిల్‌లో కట్టారని అర్థం కావచ్చు. రెండింటికీ మొత్తం ఒకటే వస్తుంది! మొదటిది జబ్బు, రెండోది జలుబు కూడా కాదు. అందుకే బకాయిలను ఎన్నాళ్లవో విడదీసి చెప్పాలి: నెల లోపువి ఎంత, ఆరు నెలలు దాటినవి ఎంత, ఏడాది దాటినవి ఎంత. అందరి ముందూ పేర్లు చదవడం వల్ల వసూలు పెరగదు, పంతాలు పెరుగుతాయి. కాలం వారీగా చెబితే చాలు, తనది ఏ వరుసలో ఉందో కట్టనివాడికి తెలుసు. మరో సంగతి. ఏడాది దాటిన బకాయి ఏళ్ల తరబడి ఆదాయంగా నిలబడి ఉంటే ఆ పట్టిక మిగులు చూపిస్తూనే ఉంటుంది. ఫ్లాటు అమ్మేసి వెళ్లిపోయిన ఓనరు బాకీ అలాంటిదే. కొన్నవాళ్లు కట్టమంటారు, అమ్మినవాళ్లు ఫోనెత్తరు. అమ్మకానికి ముందు సంఘం నుంచి నో డ్యూస్ కాగితం తీసుకునే అలవాటు ఉన్న చోట ఈ తలనొప్పి తక్కువ.

సభలో లెక్కలు తెలిసినవాళ్లు ఒకరిద్దరు ఉండనే ఉంటారు. వాళ్లలో ఒకరు లేచి, "ట్రెజరర్ గారూ, పాస్‌బుక్‌లో మార్చి 31న 4,97,000 ఉంది. మీరు బ్యాంకులో 4,65,000, చేతిలో 7,000 అంటున్నారు. ముప్పై రెండు వేలు ఎటు పోయాయి?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. సెక్యూరిటీ ఏజెన్సీకి మార్చి 29న రాసిన 32,000 చెక్కు ఏప్రిల్ 3న గానీ బ్యాంకులో చెల్లలేదు. సంఘం పుస్తకంలో రాసిన రోజే ఖర్చయింది, బ్యాంకు పుస్తకంలో అయిదు రోజుల తర్వాత అయింది. దీనికి జవాబు నోటితో చెబితే సరిపోదు. చెక్కు నంబరు, తేదీ, మొత్తం, చెల్లిన తేదీ రాసిన ఒక చిన్న కాగితం పట్టికతో పాటే పంచాలి. ఇలాంటి తేడాలు రెండు మూడు వారాల్లో సర్దుకుంటాయి. డిసెంబరులో రాసిన చెక్కు మార్చి దాకా చెల్లకుండా ఉందంటే మాత్రం అది ఎవరికి రాశారో, వాళ్లకు అందిందో లేదో చూడాల్సిందే.

పట్టికలో 36,000 వడ్డీ వరుసను విడిగా ఉంచడానికి రెండు కారణాలున్నాయి. ఆ వడ్డీ వచ్చేది బిల్డరు అప్పగించిన కార్పస్ ఫండ్ మీద. మన ఉదాహరణలో అది ఆరు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ అనుకుందాం. ఆ ఆరు లక్షలు ముగింపు నిల్వలో లేవని ట్రెజరర్ స్పష్టంగా చెప్పాలి. డిపాజిట్ గడువు తీరి డబ్బు ఖాతాలో పడిన ఏడాది దాన్ని జమల్లో కలిపేస్తే సంఘం ఒక్కసారిగా ధనవంతమైనట్టు కనిపిస్తుంది. తన డబ్బే ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి మారింది, అది ఆదాయం కాదు. రెండో కారణం పన్ను. సభ్యులు తమలో తాము కట్టుకుని తమకోసం ఖర్చుపెట్టుకునే డబ్బు మీద ఆదాయపు పన్ను ఉండదన్న సూత్రం ఉంది. బ్యాంకు వడ్డీ ఆ సూత్రం కిందికి రాదని బెంగళూరు క్లబ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు తేల్చింది. 'మనది సంఘమే కదా, మనకు పన్నేమిటి' అనే మాట ప్రతి మీటింగులో వినబడుతుంది కాబట్టి ఈ విషయం ట్రెజరర్ తానే ముందు చెప్పేస్తే మంచిది. జీఎస్టీ సంగతి వేరు. మెయింటెనెన్స్ సభ్యుడికి నెలకు 7,500 దాటని చోట సంఘం దాని గురించి కంగారు పడనక్కర్లేదు.

ఇంత చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? కాగితం మీటింగుకు వారం ముందే ఇళ్లకు పంపితే పదిహేను నిమిషాలు చాలు. వోచర్ల ఫైలు, చెక్కుబుక్కు ప్రతులు, గేటు రిజిస్టరు, బ్యాంకు స్టేట్‌మెంటు మీటింగు బల్ల మీద ఉంచాలి. ఎవరూ తెరవకపోయినా సరే, అక్కడ ఉండాలి. అంకెలను ప్రొజెక్టరు మీద వేస్తే వేలల్లోకి కుదించి వేయడం మేలు. 6,24,000 కన్నా 'ఆరు లక్షల ఇరవై నాలుగు వేలు' అని పలకడమే చెవికి ఎక్కుతుంది. పైసలతో సహా చదివితే నిజాయతీ ఎక్కువ కాదు, వినేవాళ్ల సంఖ్య తగ్గుతుంది.

చివరగా లెక్కలను సభ ఆమోదించాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి సంఘాలు చాలావరకు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైనవే. మినిట్స్ పుస్తకంలో రాసేదే తర్వాత కాగితంగా మిగులుతుంది. అందులో 'జమాఖర్చులు చదివి వినిపించారు, ఆమోదించారు' అని ఒక్క వాక్యం రాసి వదిలేయడం అలవాటుగా మారింది. దాని బదులు ముగింపు నిల్వ 4,72,000 అనీ, అందులో చెల్లించాల్సిన బిల్లులు 2,98,000, అడ్వాన్సులు 1,08,000 అనీ, ఆ ఏడాది లోటు 32,000 అనీ, డిపాజిట్ ఆరు లక్షలు విడిగా ఉందనీ నాలుగు వరుసలు రాస్తే చాలు. వచ్చే ఏడాది ట్రెజరర్ మారినా, కొత్తాయన మొదటి వరుస ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో, ఏప్రిల్‌లో ఎవరికి ఎంత చెల్లించాలో ఆ పుస్తకంలోనే ఉంటుంది.